రేవు మూతబడిన వారం: పర్లాకిమిడికి డయలైజర్లు చేర్చిన నా అనుభవం

సోమవారం మధ్యాహ్నం మా క్లియరింగ్ ఏజెంటు ఫోన్ చేశారు. "అమ్మా, రేవులో పని ఆగిపోయింది. పొద్దున్న షిఫ్టు దిగినవాళ్ళ చోట ఎవరూ ఎక్కలేదు. గేటు కూడా మూసేశారు" అన్నారు. ఎప్పుడు తెరుస్తారని అడిగితే, జీతాల ఒప్పందం గొడవ మీద కార్మికుల సమ్మె కాబట్టి చర్చలు ఎటు తేలతాయో ఎవరూ చెప్పలేకపోతున్నారన్నారు. ముందస్తు నోటీసు గురించి మాకెవరికీ కబురు లేదు.

నేను బరంపురంలో ఆసుపత్రి సరుకులు పంపిణీ చేసే ఒక సంస్థలో ప్లానర్‌ని. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఉన్న చిన్న ఆసుపత్రులకూ డయాలసిస్ సెంటర్లకూ ఏ సరుకు, ఎంత, ఏ రోజు చేరాలో లెక్క కట్టి బండ్లు పంపడం నా పని. ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. మా ఊరికి దగ్గర్లోనే గోపాలపూర్ రేవు ఉంది కదా, అక్కణ్ణుంచి తెప్పించుకోలేరా అని చాలామంది అడుగుతారు. అక్కడ ప్రధానంగా ఖనిజం, బొగ్గు, సున్నపురాయి లాంటి గుట్టల సరుకు దిగుతుంది. మా సామాను కంటైనర్లలో వేరే రేవుకి వచ్చి, అక్కణ్ణుంచి హైవే మీద ఇచ్ఛాపురం, గిరిసోల దాటి బరంపురం చేరుతుంది.

ఫోన్ పెట్టేశాక నేను మొదట చేసిన పని, మా దగ్గరున్న సరుకులన్నిటినీ రెండు భాగాలు చేయడం. రేవు ఆగితే ఆగిపోయేవి ఏవి, ఆగనివి ఏవి? సెలైన్, హెపారిన్, ఫిస్టులా సూదులు, డయాలసిస్ మెషీనుకి పోసే ఆసిడ్ కాన్సంట్రేట్ డబ్బాలు, ఇవన్నీ దేశంలోనే తయారై లారీల్లో వస్తాయి. వాటి గురించి ఆ రోజు ఆలోచించనక్కర్లేదు. బ్లడ్ లైన్లు కూడా మేము తెచ్చేవి ఇక్కడివే. ఇలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతే చివరికి ఒకటే మిగిలింది: డయలైజర్.

డయాలసిస్ చేయించుకునేవాళ్ళు దీన్ని ఫిల్టర్ అంటారు. జానెడు కంటే కొంచెం పొడుగుండే పారదర్శకమైన గొట్టం. లోపల వెంట్రుకల్లాంటి బోలు దారాలు వేల సంఖ్యలో ఉంటాయి. దారాల లోపలి నుంచి రక్తం, బయటి నుంచి డయాలసిస్ ద్రవం ఎదురెదురుగా ప్రవహిస్తాయి. ఆ దారాల గోడల గుండానే మలినాలు, ఎక్కువైన పొటాషియం బయటికి పోతాయి, ఒంట్లో చేరిన నీరు కూడా. ఇది లేకపోతే మెషీను, నర్సు, డాక్టరు అందరూ ఉన్నా సెషన్ జరగదు. సెషన్ తప్పితే కాళ్ళు ఉబ్బుతాయి, ఊపిరాడదు, పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. మా పెదనాన్నది కంచిలి. ఉద్దానం ప్రాంతం కాబట్టి ఆ మాట వినగానే తెలుగువాళ్ళకి కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. ఆయన వారం మధ్యలో ఒక సెషన్ తప్పిన రోజు రాత్రి కూర్చునే నిద్రపోయాడు, పడుకుంటే ఊపిరి ఆడలేదు. అందుకని ఈ సరుకు విషయంలో "రెండు రోజులు ఆలస్యమవుతుంది" అనే మాట నా నోట రాదు.

మా స్టాకు పుస్తకంలో ఏ సెంటర్లో ఎన్ని డయలైజర్లు ఉన్నాయో ఉంటుంది. ఆ అంకెలు చూస్తే గుణుపురంలో 40, పర్లాకిమిడిలో 24. మిగతా సెంటర్లలో సరిపడా ఉన్నాయి, మా గోదాములో మాత్రం ఒక్కటీ లేదు, ఎందుకంటే రావలసినవి దారిలో ఉన్నాయి. పైపైన చూస్తే 40కీ 24కీ పెద్ద తేడా ఏముంది అనిపిస్తుంది. కానీ రోజుల్లోకి మార్చి చూస్తే ఆ రెండు సెంటర్ల పరిస్థితికి పొంతనే లేదు.

పర్లాకిమిడి సెంటర్లో 18 మంది పేషెంట్లు. అక్కడ ఒక్క సెషన్‌కి ఒక్క డయలైజర్, వాడగానే పారేస్తారు. పది మంది వారానికి మూడుసార్లు వస్తారు: ఐదుగురు సోమ, బుధ, శుక్రవారాల్లో, ఐదుగురు మంగళ, గురు, శనివారాల్లో. మిగతా ఎనిమిది మంది వారానికి రెండుసార్లు: నలుగురు సోమ, గురువారాలు, నలుగురు మంగళ, శుక్రవారాలు. అంటే సోమవారం 9, మంగళవారం 9, బుధవారం 5, గురువారం 9, శుక్రవారం 9, శనివారం 5. వారానికి 46. సోమవారం సెషన్లు అయిపోయాక మిగిలినవి 24. మంగళ, బుధ, గురువారాలకి 23 పోతాయి. శుక్రవారం పొద్దున్న తొమ్మిది మంది వచ్చి కూర్చునేసరికి అల్మారాలో ఒకటే ఉంటుంది.

గుణుపురం లెక్క వేరు. అక్కడ 14 మంది, అందరూ వారానికి రెండుసార్లే. ఆ సెంటర్లో రీయూజ్ ఉంది, అంటే ఒక పేషెంటు డయలైజర్‌ని శుద్ధి చేసి మళ్ళీ ఆ పేషెంటుకే వాడతారు. సగటున ఆరేసి సార్లు వస్తుంది. హెపటైటిస్ సి ఉన్న ఇద్దరికి మాత్రం ప్రతిసారీ కొత్తదే. 12 మందికి వారానికి 24 సెషన్లంటే నాలుగు కొత్త డయలైజర్లు, ఆ ఇద్దరికి నాలుగు, మొత్తం ఎనిమిది. 40 ఉన్నాయంటే ఐదు వారాలకి సరిపోతాయి. పుస్తకంలో ఆ రోజు నేను "ఎన్ని ఉన్నాయి" అన్న గడి పక్కన "ఏ రోజు వరకు" అని ఇంకో గడి గీశాను. ఆ ఒక్క గడి చూస్తే ఎవరి దగ్గరికి ముందు పరిగెత్తాలో తెలిసిపోయింది.

మా మేనేజరు గారు లెక్క చూసి, "పర్లాకిమిడివాళ్ళు కూడా కొన్నాళ్ళు రీయూజ్ చేసుకోరాదూ?" అన్నారు. అడగవలసిన ప్రశ్నే. నేను గుణుపురం సెంటర్ ఇన్‌ఛార్జ్ అక్కకి ఫోన్ చేశాను. ఆవిడ చాలా ఏళ్ళుగా అక్కడే ఉన్న టెక్నీషియన్, మాది ఏ వైపో తెలిసినప్పటి నుంచి నన్ను చెల్లెమ్మా అని పిలుస్తుంది. "చెల్లెమ్మా, రీయూజ్ అంటే కడిగి పెట్టుకోవడం కాదు. వేరే గది కావాలి, ఆర్‌ఓ నీళ్ళ లైను ఆ గదిలోకి రావాలి, మందు కావాలి, మనిషికి నేర్పించాలి. పేషెంటు ఒప్పుకుని సంతకం పెట్టాలి. రాత్రికి రాత్రి మొదలుపెడితే ఎవరి ఫిల్టర్ ఎవరికి పెడతారో!" అంది. ఆ దారి అక్కడితో మూసుకుంది.

ఇక మా సరుకు ఎక్కడుందో చూడాలి. "రేవులో ఇరుక్కుంది" అని అందరూ ఒకే మాట అంటారు గానీ, ఓడలో వచ్చే కంటైనరు మూడు చోట్ల ఎక్కడైనా ఉండొచ్చు. ఓడలోనే ఉండి, ఓడ లంగరు వేసుకుని బయట నిలబడి ఉండొచ్చు. దిగి టెర్మినల్ యార్డులో పేర్చి ఉండొచ్చు. లేదా యార్డు దాటి, రేవు గేటు బయట ఉండే కంటైనర్ ఫ్రైట్ స్టేషన్‌కి, అంటే అందరూ సీఎఫ్‌ఎస్ అనే చోటికి వచ్చేసి ఉండొచ్చు. మొదటి రెండింటికీ రేవు కూలీలు, క్రేన్లు, గేటు కావాలి. మూడోదానికి అవేవీ అక్కర్లేదు. కస్టమ్స్ అనుమతి, షిప్పింగ్ కంపెనీ డెలివరీ ఆర్డర్ ఉంటే చాలు. కస్టమ్స్‌వాళ్ళు సమ్మెలో లేరు.

ఏజెంటుని కంటైనరు నెంబర్లతో సహా ఒక్కొక్కటీ వెతకమన్నాను. మావి రెండు. పెద్దది యార్డులో ఉంది. చిన్న కన్‌సైన్‌మెంట్ ఇంకెవరి సామానుతోనో కలిసి వచ్చి, సమ్మెకి ముందే సీఎఫ్‌ఎస్‌కి చేరి, అక్కడ షెడ్డులో దింపి ఉంది. విన్నప్పుడు ప్రాణం లేచి వచ్చినట్టయింది. కానీ దానికి డ్రగ్ కంట్రోల్ వాళ్ళ ఎన్‌ఓసీ రాలేదు. డయలైజర్లు వైద్య పరికరాల నిబంధనల కిందికి వస్తాయి. దిగుమతి చేసుకున్నవారి పేరు, లైసెన్సు నెంబరు పెట్టె మీద ఉండాలి. ఆ స్టిక్కర్లు అంటించడం ఇంకా మిగిలింది. అంటించి, చూపించి, ఎన్‌ఓసీ తెచ్చి, ఆ తర్వాత కస్టమ్స్ "అవుట్ ఆఫ్ ఛార్జ్" ఇస్తేనే బయటికి వస్తాయి. తొందరపెట్టినా ఆ వారంలో కాదని ఏజెంటు తేల్చి చెప్పారు.

పెద్ద కంటైనరు కోసం కూడా ప్రయత్నం చేశాం. మా మేనేజరు గారు రేవు అధికారులకీ, కార్మిక సంఘానికీ ఉత్తరాలు పంపారు. సంఘం పెద్ద ఒకాయన ఏజెంటు ఫోన్‌లోంచి నాతో మాట్లాడారు. "అమ్మా, రోగుల సరుకుకి మేం అడ్డు రాము. మా ఇళ్ళల్లోనూ డయాలసిస్ మీద ఉన్నవాళ్ళున్నారు. ఆ పెట్టె ఎక్కడుందో చూపించండి, క్రేన్ నడిపే కుర్రాణ్ణి నేను పంపిస్తాను" అన్నారు. ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. కానీ మా కంటైనరు పేర్పులో అట్టడుగున ఉంది. దాని మీద వేరేవాళ్ళవి మూడున్నాయి. వాటిని ఎత్తి పెట్టాలంటే పక్కన చోటు కావాలి. సమ్మె మొదలైనప్పటి నుంచి ఏదీ బయటికి పోకపోవడంతో యార్డు నిండిపోయింది. ఒక్క పెట్టె తీయడానికి ఒక్క మనిషి సరిపోడు, ఒక వరుస వరుసంతా కదలాలి. ఆయన బాధపడుతూనే చెప్పారు, నేనూ అర్థం చేసుకున్నాను. ఆ పెట్టె మీద ఆశ వదులుకుని ప్లానులోంచి కొట్టేశాను. వస్తుందో రాదో తెలియని సరుకుని లెక్కలో ఉంచితే పక్కనున్న దార్లు కనిపించవు.

మిగిలినవి రెండు దార్లు. గుణుపురం నుంచి అప్పు తీసుకోవడం, లోపలి ఊళ్ళ నుంచి ఇంకో కంపెనీ సరుకు కొనడం. రెండూ కావాలి. గుణుపురంలో రెండు వారాలకి 16 ఉంచి, ఒక పెట్టె తీసుకోవచ్చు. పెట్టెకి 24. పర్లాకిమిడిలో మిగిలే ఒకటీ ఈ 24 కలిపితే 25. శుక్రవారం 9, శనివారం 5, సోమవారం 9. వచ్చే సోమవారం రాత్రికి రెండు మిగులుతాయి. ఆ లోపల కొన్న సరుకు చేరాలి.

గుణుపురానికి మామూలుగా మా బండి బుధవారం సెలైన్ తీసుకెళ్తుంది. దారిలో పర్లాకిమిడిలో దింపి, తర్వాత గుణుపురం వెళ్తుంది. ఈసారి వరస తిప్పాను. ముందు గుణుపురం వెళ్ళి, పెట్టె ఎక్కించుకుని, తిరుగు దారిలో పర్లాకిమిడి. బస్సు కండక్టరుకి ఇచ్చి పంపితే చాలు కదా అని డ్రైవరు అన్నాడు. మా వైపు మందులు అలాగే వెళ్తాయి. కానీ ఈ పెట్టెని బస్సు టాపు మీద పడేస్తే ఎండకి వేడెక్కుతుంది, మీద బియ్యం మూట పడితే డయలైజర్ చివర మూతలు చిట్లుతాయి. చిట్లింది పైకి కనిపించకపోవచ్చు, రక్తం ఎక్కించాక కారుతుంది. అందుకని బండిలో నేను కూడా వెళ్ళాను.

గుణుపురంలో అక్క రీయూజ్ గదిలో ఉంది. పెట్టె ఇస్తానని అప్పటికి ఒప్పుకోలేదు, "రా, చూపిస్తాను" అంది. వాడిన డయలైజర్‌ని ఆర్‌ఓ నీళ్ళతో కడిగాక, లోపలి దారాల్లో ఎంత నీరు పడుతుందో కొలుస్తుంది. నీళ్ళతో నింపి, ఆ నీటిని గాలితో తోసి కొలజాడీలోకి దించింది. కంటికి సమంగా పట్టుకుని గీత చూసింది. కొత్తగా ఉన్నప్పుడు ఆ డయలైజర్‌కి 100 మిల్లీలీటర్లు పట్టేది. 80 శాతం కంటే తగ్గితే దారాలు గడ్డకట్టిన రక్తంతో మూసుకుపోయాయని అర్థం, ఇక పనికిరాదు. ఆ రోజు జాడీలో గీత 84 దగ్గర ఆగింది. పేషెంటు పేరు, వాడిన సంఖ్య లేబుల్ మీద రాసి, క్రిముల్ని చంపే పెరాసెటిక్ ఆసిడ్ నింపి, మూతలు బిగించింది. పక్కదానిలో 76 వచ్చింది. దాన్ని మారుమాట లేకుండా ఎర్ర సంచీలో వేసింది.

"చూశావా, ఇవి ఆరుసార్లు వస్తాయని నువ్వు రాసుకున్నావు. కొన్ని నాలుగుకే పోతాయి. నాకు 16 సరిపోతాయని ఎలా అంటావు?" అంది. ఆవిడ మాట నిజం. సగటు అనేది మంచి రోజుల లెక్క. అక్కడే కూర్చుని మళ్ళీ వేశాను. అన్నీ నాలుగుసార్లకే పోతే 24 సెషన్లకి ఆరు, హెపటైటిస్ సి ఉన్నవారికి నాలుగు, వారానికి పది. 16 అంటే సుమారు పదకొండు రోజులు. ఆ లోపల సీఎఫ్‌ఎస్ సరుకు రాకపోతే కొన్నదాంట్లోంచి ముందు ఆవిడకే ఇస్తానని చలానా మీద రాసి సంతకం పెట్టాను. అమ్మకం కాదు కాబట్టి బిల్లు కాకుండా డెలివరీ చలానా, తిరిగి ఇవ్వవలసిన వస్తువు అని దాని మీదే రాశాం. అక్క పెట్టె సీలు చూసి, గడువు తేదీ చదివి, అప్పుడు ఇచ్చింది. సాయంత్రానికి ఆ పెట్టె పర్లాకిమిడి అల్మారాలో ఉంది.

కొనుగోలు విషయం ఇంకా చిక్కు. హైదరాబాద్‌లో ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర వేరే కంపెనీ డయలైజర్లు మూడు పెట్టెలు దొరికాయి, 72. ధర ఎక్కువ. సెంటర్లకి పాత ధరకే ఇద్దామని మా మేనేజరు గారు నన్ను అడగనివ్వకుండానే అన్నారు. అది నేను మర్చిపోను. అయితే డయలైజర్ అన్నాక ఏదైనా ఒకటే అని అనుకోకూడదు. దారాల మొత్తం ఉపరితల వైశాల్యం చూడాలి, ఫ్లక్స్, అంటే ఆ దారాల గోడల గుండా నీరు ఎంత తేలిగ్గా పోతుందో కూడా చూడాలి. బరంపురం నుంచి వారానికోసారి పర్లాకిమిడి వచ్చే కిడ్నీ డాక్టరు గారికి ఆ కాగితాలు పంపాను. వైశాల్యం పాతదానికి దగ్గరగానే ఉందని ఆయన సరేనన్నారు.

మామూలుగా అయితే సరుకు బరంపురం గోదాముకి వచ్చి, మళ్ళీ పర్లాకిమిడికి వెళ్ళాలి. మ్యాపు చూస్తే అది ఎంత చుట్టో తెలుస్తుంది. పర్లాకిమిడి ఆంధ్రా సరిహద్దు మీదే ఉంది, పాతపట్నం పక్క ఊరు. హైదరాబాద్ నుంచి వచ్చే సరుకు శ్రీకాకుళం దాటి నరసన్నపేట దగ్గర తిరిగితే నేరుగా అక్కడికి చేరుతుంది. అందుకని బిల్లు మా బరంపురం చిరునామా మీద, డెలివరీ పర్లాకిమిడి చిరునామాకి అని రాయించాం. సరుకు రవాణాకి తీసే ఈ-వే బిల్లులో చేరే చోటు కూడా అదే. రాత్రి పార్సిల్ బండి నరసన్నపేట వరకు తెస్తుంది, అక్కడ మా వ్యాను అందుకుంటుంది. బండి మారితే ఈ-వే బిల్లులో కొత్త బండి నెంబరు ఎక్కించాలి. నరసన్నపేటలో పెట్టెలు మార్చుతుండగానే నేను బరంపురంలో కూర్చుని అది ఎక్కించాను. పాతపట్నం దగ్గర తనిఖీవాళ్ళు ఆపి నెంబరు సరిచూసుకుని వదిలారని డ్రైవరు చెప్పాడు. ఆదివారం పొద్దుటికి మూడు పెట్టెలూ చేరాయి.

ఊపిరి పీల్చుకుందామనుకుంటుండగా పర్లాకిమిడి టెక్నీషియన్ నుంచి ఫోన్. కుర్రాడు, నెమ్మదస్తుడు. పెట్టె తెరిచి లేబుల్ ఫోటో పంపాడు. "అక్కా, వీటిని ఈటీవో గ్యాస్‌తో స్టెరిలైజ్ చేశారు. మన పాతవి ఆవిరితో చేసినవి" అన్నాడు. ఈటీవో అంటే ఎథిలిన్ ఆక్సైడ్. ఆ గ్యాస్ ఆనవాళ్ళు డయలైజర్‌లో మిగిలితే కొందరికి పడదు. సెషన్ మొదలైన కాసేపటికే దురద, ఛాతీ పట్టేయడం, ఆయాసం రావచ్చు. ఆ సెంటర్లో ఒక పెద్దావిడకి ఇంతకు ముందు వేరే చోట అలా అయిందని కేస్ షీట్‌లో రాసి ఉంది. అతను ఆ కేస్ షీట్ చదివి, గుర్తుపెట్టుకుని, లేబుల్ చూడగానే పోల్చుకున్నాడు. నా పుస్తకంలో ఆ వివరానికి గడే లేదు.

డాక్టరు గారిని అడిగాం. ఆయన రెండు మాటలు చెప్పారు. ఆవిడకి ఇవి వద్దు, పాతవే పెట్టండి. మిగతావారికి వాడొచ్చు, కానీ సెషన్‌కి ముందు మామూలుగా ఒక లీటరు సెలైన్‌తో కడిగేచోట రెండు లీటర్లతో కడగండి, మొదటి పావుగంట పక్కనే ఉండండి.

ఇలాంటి చోటే ప్లానర్ పని మొదలవుతుంది. సెషన్‌కి ఒక లీటరు అదనం అంటే అర లీటరు సీసాలు రెండు. 72 డయలైజర్లకి 144 సీసాలు. సెలైన్‌కి కొరత లేదు, కానీ పర్లాకిమిడి స్టోరులో ఉన్నది ఆ అదనం చూసుకుని పెట్టినది కాదు. డయలైజర్ల కొరత తీర్చామనుకునేలోపు వారం మధ్యలో సెలైన్ అయిపోయేది. సోమవారం పొద్దున్నే వ్యానులో సెలైన్ పంపాను.

ఇక పెద్దావిడ. మంగళ, గురు, శనివారాల పేషెంటు. సోమవారం రాత్రికి మిగిలే పాతవి రెండు. మంగళవారం ఒకటి, గురువారం ఒకటి. ఆ రెండింటి మీద ఆవిడ పేరు రాసి వేరే అరలో పెట్టమన్నాను. మంగళవారం మిగతా ఎనిమిది మందికీ కొత్తవే. శనివారానికి సీఎఫ్‌ఎస్ సరుకు చేరాలి, చేరకపోతే గుణుపురంలో ఉంచిన 16లోంచి ఒకటి తేవాలి. అది అక్కకి ముందే చెప్పాను. "ఒక్కటైతే అడగక్కర్లేదు, తీసుకెళ్ళు" అంది.

మంగళవారం మొదటి షిఫ్టు అయ్యేదాకా నాకు అన్నం దిగలేదు. కొత్త డయలైజర్లు పెట్టిన ఎవరికీ ఏమీ కాలేదని కుర్రాడు ఒక్కొక్కరి బీపీ అంకెలతో సహా మెసేజ్ పెట్టాడు. ఒకాయనకి కాస్త దురద అనిపించి, దానికదే తగ్గింది. ఆ విషయం కూడా అతను దాచకుండా రాశాడు, డాక్టరు గారికి పంపాం. తర్వాతి సెషన్‌లో ఆయనకి మళ్ళీ రాలేదు.

ఈ మధ్యలో ఏజెంటు సీఎఫ్‌ఎస్‌లో ఇద్దరు మనుషుల్ని పెట్టి స్టిక్కర్లు వేయించారు. డ్రగ్ కంట్రోల్ ఆఫీసువాళ్ళు పెట్టెలు తెరిపించి చూసి ఎన్‌ఓసీ ఇచ్చారు. గురువారం సాయంత్రం అవుట్ ఆఫ్ ఛార్జ్ వచ్చింది. ట్రైలర్ డ్రైవర్లు కూడా సమ్మెకి మద్దతుగా బండ్లు ఆపేశారు, కానీ మా సరుకు కంటైనరులోంచి దింపేసి ఉంది కాబట్టి ట్రైలర్ అవసరమే లేదు. మామూలు మూసిన బాడీ వ్యాను సరిపోయింది. సీఎఫ్‌ఎస్ నుంచి హైవేకి వచ్చే రోడ్డు రేవు గేటు ముందు నుంచి పోదని ముందే కనుక్కున్నాం. వ్యాను శుక్రవారం నరసన్నపేట మీదుగానే వచ్చింది. పర్లాకిమిడిలో నాలుగు పెట్టెలు దింపి, గుణుపురం వెళ్ళి అక్క పెట్టె తిరిగి ఇచ్చి, మిగతావి బరంపురం తెచ్చింది. శనివారం పెద్దావిడకి ఆ నాలుగు పెట్టెల్లో వచ్చిన పాత రకమే పెట్టారు.

రేవు పని ఆ తర్వాతి వారంలో మొదలైంది. కార్మికులు అడిగినదాంట్లో కొంత ఒప్పుకున్నారని ఏజెంటు చెప్పారు. అయినా మా పెద్ద కంటైనరు వెంటనే రాలేదు. సమ్మె ముగిసిన రోజు గేటు తెరుస్తారు గానీ, ఆగిపోయిన ఓడలన్నీ వరసలో ఉంటాయి, యార్డు నిండుగా ఉంటుంది. సమ్మె ఎన్నాళ్ళు జరిగిందో అన్నాళ్ళకి పైగానే ఆ వరస తెమలడానికి పట్టింది. గ్రౌండ్ రెంటు, కంటైనరు ఆలస్యపు రుసుము బిల్లులు వేరుగా వచ్చాయి. వాటి గురించి మా అకౌంట్స్‌వాళ్ళు ఇంకా ఉత్తరాలు రాస్తున్నారు.

ఇప్పుడు స్టాకు పుస్తకంలో "ఏ రోజు వరకు" గడి పక్కన ఇంకొకటి చేర్చాం: ఏ పద్ధతిలో స్టెరిలైజ్ చేశారు అని. ఒకే కంపెనీ మీద ఆధారపడకుండా దేశంలో తయారైన, ఆవిరితో స్టెరిలైజ్ చేసిన రకం ఒకటి డాక్టరు గారికి చూపించి ఒప్పించాం. పర్లాకిమిడిలో రెండు వారాల సరుకు, అంటే 92, ఎప్పుడూ ఉండాలని నిర్ణయించుకున్నాం. నాలుగు పెట్టెలు పెట్టడానికి ఆ స్టోరులో చోటు లేకపోతే, అక్కడి సిస్టర్లు తమ బట్టలు మార్చుకునే గదిలో ఒక అల్మారా ఖాళీ చేసి ఇచ్చారు. కిటికీ పక్కన ఎండ తగులుతుందని కుర్రాడు దాన్ని ఎదురుగోడకి జరిపించాడు.